బస్తాకు క్వింటా ధర కడితే

పంటల లెక్కలో రాబడి కాస్త అటూ ఇటూ అయితే ఎవరూ పట్టించుకోరు. మిగులు తారుమారైతే మాత్రం రైతు తప్పు పంట వేస్తాడు, తప్పు ధరకు పొలం కౌలుకు తీసుకుంటాడు. మా ఇంట్లో ఈ రెండోది జరగబోయి ఆగింది. ఎలా ఆగిందో వివరంగా రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఎందుకంటే దీని గురించి ఎవరికి చెప్పినా వచ్చే మొదటి మాట, "అందుకే రైతులు కూడా క్వింటాళ్లలో లెక్క రాసుకోవాలి" అని. ఆ మాటతో నేను ఒప్పుకోను.

మాది ఏలూరు జిల్లా. గోదావరి కాలువ కింద అయిదెకరాల వరి చేను, దానికి కొంచెం ఎగువన బోరు కింద రెండెకరాల మెరక. చేలో వానాకాలం సార్వా, రబీ దాళ్వా రెండూ వరే. మెరక మీద రబీలో మొక్కజొన్న వేస్తాం. నాన్న వ్యవసాయం, తమ్ముడు ఆయన పక్కనే. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ లెక్కల దగ్గర మాత్రం వేలు పెడతాను. 2025 వేసవిలో రబీ అమ్మకాలు అయిపోయాక తమ్ముడు నాన్న నోటుపుస్తకం తీసి, గూగుల్ షీట్స్‌లో పంటవారీగా ఎకరానికి ఎంత మిగిలిందో వేసి నాకు పంపాడు. పక్క చేనాయన మూడెకరాలు దాళ్వాకు కౌలుకి ఇస్తానంటున్నాడనీ, షీటు ప్రకారం వరి మొక్కజొన్న కంటే బాగా మిగులుతోంది కాబట్టి తీసుకుందామనీ వాడి ఆలోచన.

షీటులో దాళ్వా వరి వరుస ఇలా ఉంది: దిగుబడి 42, ధర 2300, పెట్టుబడి 42,000, మిగులు 54,600. మొక్కజొన్న వరుసలో దిగుబడి 38, ధర 2200, పెట్టుబడి 41,000, మిగులు 42,600. అంటే ఎకరానికి వరిదే పన్నెండు వేలు పైచేయి. గుణకారాలు, తీసివేతలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒక్క ఫార్ములా కూడా తప్పు లేదు.

అనుమానం మొదట నాన్నకే వచ్చింది. తమ్ముడు ఫోన్‌లో చూపిస్తే ఆయన అడిగింది ఒకటే: "ఎకరానికి యాభై నాలుగు వేలు మిగిలితే మనకింకా బంగారం లోను ఎందుకుందిరా?" తమ్ముడి దగ్గర జవాబు లేదు. నాకు ఫోన్ చేసి, "అన్నయ్యా, నాన్న నమ్మట్లేదు, నువ్వొకసారి చూడు" అన్నాడు.

నేను ఫార్ములాలు చూడకుండా బ్యాంకు పాసుపుస్తకం ఫొటో పంపమన్నాను. తిండిగింజలు మేం సార్వా పంటలోంచే ఉంచుకుంటాం కాబట్టి దాళ్వా ధాన్యం మొత్తం కొనుగోలు కేంద్రం ద్వారానే పోయింది, డబ్బులు ఖాతాలోనే పడ్డాయి. దాపరికం లేని లెక్క అది. అయిదెకరాలకు ఖాతాలో పడిన మొత్తం 3,62,250 రూపాయలు. షీటులో అదే అయిదెకరాల రాబడి 4,83,000. తేడా లక్షకు పైనే. తరుగు, హమాలీ, తేమ కోత, ఏ పేరు చెప్పినా అంత పోదు.

అప్పుడు ఖాతాలో పడిన మొత్తాన్ని షీటులోని మొత్తంతో భాగించాను. 0.75 వచ్చింది. సుమారుగా కాదు, సరిగ్గా 0.75. అంతకుముందు ఏడాది దాళ్వా వరుస కూడా తీశాను. అప్పటి మద్దతు ధర 2183, దిగుబడి కూడా వేరు. అయినా నిష్పత్తి మళ్లీ 0.75. మొక్కజొన్న వరుసలో వచ్చిన డబ్బుని షీటు మొత్తంతో భాగిస్తే 1.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో ఇతరులకు పనికొచ్చే ముక్క ఇదే. దొంగ కాటా, తేమ కోత, ఎక్కడో ఒక అంకె తప్పు పడటం, ఇవన్నీ ఒక్కో ఏడాది ఒక్కో రకంగా తేడా చూపిస్తాయి. ఒకసారి 0.94, ఇంకోసారి 0.97. కొలత ప్రమాణాల గజిబిజి అలా ఉండదు. ధర మారినా, దిగుబడి మారినా, పొలం మారినా దాని నిష్పత్తి కదలదు. 0.75 కనిపిస్తే బస్తాకూ క్వింటాకూ మధ్య ఎక్కడో దారి తప్పినట్టు. 2.47 కనిపిస్తే ఎకరం ఉండాల్సిన చోట హెక్టారు ఉన్నట్టు. నెల్లూరు వైపు వాళ్లకు 8.5 కనిపిస్తే పుట్టిని క్వింటా అనుకున్నట్టు, అక్కడ పుట్టి అంటే 850 కిలోలు కదా. కాబట్టి లెక్క తేడా వచ్చినప్పుడు తీసివేయడం కంటే భాగించడం మంచిది. తీసివేస్తే తేడా ఎంతో తెలుస్తుంది, భాగిస్తే ఎందుకు వచ్చిందో తెలుస్తుంది.

విషయం ఇది. నోటుపుస్తకంలో 42 అంటే బస్తాలు. మా వైపు ధాన్యం లెక్కలో బస్తా అంటే 75 కిలోలు. తమ్ముడు వేసిన 2300 మాత్రం 2024-25కి కేంద్రం ప్రకటించిన సాధారణ రకం మద్దతు ధర. అది క్వింటాకు. అంటే 75 కిలోలకు 1725 రూపాయలు. కొనుగోలు పోస్టర్ల మీద 75 కిలోల ధర కూడా వేస్తారు, కానీ వార్తల్లో, ఫోన్‌లో వెతికితే ముందుగా వచ్చేది క్వింటా ధరే. మొక్కజొన్నను మాత్రం మా ఊళ్లో కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ క్వింటాల్లోనే మాట్లాడుకుంటారు, నాన్న కూడా అలాగే రాసుకున్నారు. అందుకే ఆ వరుస తప్పలేదు. ఒకే కాలమ్‌లో పైన బస్తాలు, కింద క్వింటాళ్లు. పేరు మాత్రం రెండింటికీ ఒకటే, "దిగుబడి".

బస్తాకు 1725 కట్టి చూస్తే ఎకరానికి దాళ్వా రాబడి 72,450. పెట్టుబడి పోగా మిగులు 30,450. మొక్కజొన్న మిగులు 42,600 అలాగే ఉంది. వరి పన్నెండు వేలు ముందుందన్నది పోయి, మొక్కజొన్నే పన్నెండు వేలు ముందుందని తేలింది. వరుస క్రమమే తిరగబడింది.

రాబడిలో తప్పు మూడో వంతే. 75 కిలోలకు వంద కిలోల డబ్బు కట్టాం, అంతే. కానీ మిగులు 30,450 కాస్తా 54,600గా కనిపించింది, దాదాపు ఎనభై శాతం ఎక్కువ. పెట్టుబడి రూపాయల్లో ఉంటుంది, దానికి బస్తాల గొడవ లేదు, అది సరైన అంకెలాగే నిలబడి ఉంటుంది. రాబడిలో అదనంగా వచ్చి చేరిన ప్రతి రూపాయీ నేరుగా మిగులులోకే పోతుంది. మిగులు ఎంత పలచగా ఉంటే తప్పు అంత పెద్దగా కనిపించాలి. కానీ కనిపించేది తప్పులా కాదు, లాభంలా.

కౌలు దగ్గరకు వస్తే ఇది ఇంకా భయంకరం. పక్క చేనాయన అడిగింది దాళ్వాకు ఎకరాకు పదిహేను బస్తాలు. మా ప్రాంతంలో కౌలు డబ్బుల్లో కాకుండా బస్తాల్లో చెప్పుకోవడం మామూలే. తమ్ముడి షీటు ప్రకారం 42లో 15 పోగా 27 బస్తాలు, ఒక్కోటి 2300. పెట్టుబడి తీసేస్తే ఎకరానికి 20,100 మిగులు. మూడెకరాలకు అరవై వేలు. పంట కాలం నాలుగు నెలల కష్టానికి ఎవరైనా సరే అనే మొత్తం. నిజం లెక్కలో అదే 27 బస్తాలు 1725 చొప్పున అమ్మితే పెట్టుబడి పోగా మిగిలేది ఎకరానికి 4,575. మూడెకరాలకు పదమూడు వేల ఏడు వందలు చిల్లర. ఏప్రిల్‌లో ఒక్క గాలివాన వచ్చి చేను పడిపోతే, ఎకరానికి మూడు బస్తాలు నేలపాలైతే, ఆ మిగులూ ఉండదు. చేతి నుంచి ఎదురు పెట్టాలి. సొంత పొలం రైతుకు ఈ తప్పు వల్ల లాభం తగ్గినట్టు అనిపిస్తుంది. కౌలు రైతుకు ఈ తప్పు అప్పుగా మారుతుంది. గోదావరి డెల్టాలో చేలు చేసేవాళ్లలో కౌలుదార్లే ఎక్కువన్నది ఇక్కడి వాళ్లందరికీ తెలిసిందే, అందుకే ఈ విషయం నన్ను ఇంత పట్టి పీడిస్తోంది.

ఇక ఎవరి తప్పు అన్న మాటకు వద్దాం. తమ్ముడిని నేను ఒక్క మాట అనలేదు. కారణం, షీటు పాత వెర్షన్లు తిరగేస్తే అసలు జరిగింది కనిపించింది. మొదటి రోజు వాడు గడిలో "42 బస్తాలు" అనే టైప్ చేశాడు. పుస్తకంలో ఎలా ఉందో అలాగే. దాన్ని ధరతో గుణించగానే షీటు `#VALUE!` అంది. అక్షరాలు కలిస్తే అది దానికి అంకె కాదు, వట్టి మాట. అంకెలు మాత్రమే ఉండాలని వాడికి అర్థమై, "బస్తాలు" అన్న మాట చెరిపేశాడు. వెంటనే ఎర్రర్ పోయింది, జవాబు వచ్చింది. పుస్తకంలో ఉన్న సమాచారం షీటులోకి ఎక్కేటప్పుడు సరిగ్గా అక్కడ రాలిపోయింది. వాడు అజాగ్రత్తగా ఉండి కాదు, షీటు అడిగినట్టు చేయబట్టి. ఒక రకంగా ఆ `#VALUE!` రావడమే నయం. అదే గుణకారం కాకుండా `SUM` వేసి ఉంటే ఏ ఎర్రరూ చూపకుండా ఆ గడిని వదిలేసి మిగతావి కూడేది.

అందుకే "రైతు క్వింటాళ్లలో రాసుకోవాలి" అనే సలహా నాకు నచ్చదు. నాన్న పుస్తకంలో ఏ తప్పూ లేదు. ఆయన దగ్గర ధాన్యం బస్తాల్లోనే నడుస్తుంది. బస్తాలు ఎత్తే ఎగుమతి కూలి బస్తాకింత అని ఇస్తారు. కౌలు బస్తాల్లో తేలుతుంది. "మీకెంత పండింది" అంటే ఊళ్లో ఎవరైనా "నలభై రెండు" అంటారు, బస్తాలు అని కూడా అనరు. అలాంటి మనిషిని ప్రతిసారీ మనసులోనే 0.75తో గుణించి రాయమంటే, కొన్నిసార్లు గుణిస్తారు, కొన్నిసార్లు మరిచిపోతారు. అప్పుడు ఒకే పుస్తకంలో మార్చినవీ మార్చనివీ కలిసిపోతాయి. ఆ ముడి ఎవరూ విప్పలేరు. తూచినది తూచినట్టే, చెప్పినది చెప్పినట్టే రాయాలి. మార్చే పని షీటుది, అదీ ఒక్కచోటే జరగాలి.

మేం చేసిన మార్పు చిన్నదే. `Units` అని ఇంకో పేజీ పెట్టి, ఎడమ కాలమ్‌లో ప్రమాణం పేరు, కుడి కాలమ్‌లో దానికి ఎన్ని కిలోలో రాశాం. బస్తా75కు 75, క్వింటాకు 100, కిలోకు 1. అసలు పేజీలో దిగుబడి పక్కన దాని ప్రమాణానికి ఒక గడి, ధర పక్కన ధర ప్రమాణానికి ఇంకో గడి. ఆ గడుల్లో చేత్తో టైప్ చేయనివ్వకుండా డ్రాప్‌డౌన్ పెట్టాం. అంకెల గడుల్లో అంకెలు తప్ప ఏమీ ఉండవు.

```
E2: =C2*VLOOKUP(D2,Units!$A$2:$B$10,2,FALSE)
H2: =F2/VLOOKUP(G2,Units!$A$2:$B$10,2,FALSE)
I2: =E2*H2
```

C దిగుబడి, D దాని ప్రమాణం, E కిలోలు. F ధర, G ధర ప్రమాణం, H కిలో ధర. రాబడి ఎప్పుడూ కిలోలను కిలో ధరతో గుణిస్తేనే వస్తుంది. చివర్న ఉన్న `FALSE` తీసేయకూడదు. తీసేస్తే పేరు సరిగ్గా కలవకపోయినా దగ్గరి వరుసలోని అంకె పట్టుకొచ్చేస్తుంది, అది తప్పని తెలిసే దారి ఉండదు. `FALSE` ఉంటే జాబితాలో లేని ప్రమాణానికి `#N/A` అని నిలబడిపోతుంది. చూడ్డానికి బాగాలేదని కొందరు దాని చుట్టూ `IFERROR` వేసి సున్నా పెడతారు. దయచేసి వద్దు. మా ఇంట్లో ఇదంతా మొదలైందే ఒక ఎర్రర్‌ని కనిపించకుండా చేయడం వల్ల.

కిలో ధర కాలమ్ విడిగా ఉండటానికి ఇంకో కారణం ఉంది. 42, 2300 అనే అంకెలు చూస్తే తప్పో ఒప్పో చెప్పలేం. కానీ కిలో ధాన్యం 23 రూపాయలా, 30 రూపాయల 67 పైసలా అని అడిగితే మా అమ్మ కూడా చెబుతుంది. బస్తాకు 2300 అంటే కిలో దాదాపు ముప్పై ఒక్క రూపాయి పడ్డట్టు, ఆ ధరకు మా దాళ్వా ధాన్యం ఎవరూ కొనలేదు. ఏ లెక్కనైనా ఇంట్లో వాళ్లకు తెలిసిన అంకెలోకి దింపితే తప్పు దానంతట అదే బయటపడుతుంది.

అయితే బస్తా అనగానే 75 అని కళ్లు మూసుకుని వేసేయడమూ కుదరదు. నాన్న పుస్తకంలో రెండు రకాల బస్తాలున్నాయి. మిషన్ కోత రోజు గట్టు మీద లెక్కపెట్టిన సంచులు ఒకటి, కాటా తర్వాత మొత్తం కిలోలను 75తో భాగించి రాసినవి ఇంకొకటి. మొదటిది పచ్చి ధాన్యం. కోసిన రోజు 22 శాతం తేమతో 75 కిలోలు ఉన్న బస్తా, కొనుగోలుకు ఒప్పుకునే 17 శాతానికి ఎండేసరికి డెబ్బై కిలోల చిల్లరకు దిగుతుంది. గట్టు మీది లెక్కను షీటులోకి ఎక్కిస్తే మళ్లీ రాబడి ఎక్కువే చూపిస్తుంది. కాకపోతే ఈ తప్పు ఏటా ఒకేలా ఉండదు, ఆ ఏడాది ఎండ ఎలా కాసిందన్నదాన్ని బట్టి 0.93, 0.95 అలా ఊగుతుంది. అందుకే షీటులో కాటా బస్తాలే వేస్తున్నాం. గట్టు లెక్క పుస్తకంలోనే ఉంటుంది, ఎగుమతి కూలీలకు అది కావాలి.

ఈ షీటునే ఖమ్మం జిల్లాలో ఉన్న మా మిత్రుడికి పంపాను. వాళ్ల కొనుగోలు కేంద్రంలో బస్తా అంటే 40 కిలోలు, కాబట్టి `Units`లో ఒక వరుస చేర్చుకుంటే సరిపోయింది. కానీ అతనికి మాకు లేని సమస్య ఒకటి ఎదురైంది. రెండెకరాల ముప్పై గుంటల మొక్కజొన్నను, కాగితాల్లో రాసుకునే అలవాటు కొద్దీ 2.30 అని వేశాడు. మాకు ఎకరం అంటే వంద సెంట్లు, కాబట్టి 2.30 అంటే రెండెకరాల ముప్పై సెంట్లు, లెక్కలో అది సరైన దశాంశమే. వాళ్లకు ఎకరం అంటే నలభై గుంటలు, రెండెకరాల ముప్పై గుంటలు అంటే 2.75. అతని దిగుబడి ఎకరానికి 45 క్వింటాళ్లని చూపించింది, నిజానికి 38. ఇలాంటి తప్పుకు ఒక గుర్తు ఉంది: విస్తీర్ణం కాలమ్‌లో చుక్క తర్వాతి అంకె ఎప్పుడూ 39 దాటకపోతే అవి గుంటలని అర్థం. ఎకరాలకు ఒక గడి, గుంటలకు ఒక గడి పెట్టి, గుంటల్ని నలభైతో భాగించి కలుపుకోమన్నాను.

మళ్లీ మా పొలం సంగతికి వస్తే, లెక్క సరిదిద్దగానే "అయితే అంతా మొక్కజొన్నే" అని తమ్ముడు ఇంకో చివరకు వెళ్లాడు. అదీ సరికాదు. కాలువ కింద చేలో నీళ్లు నిలుస్తాయి, మొక్కజొన్న వేరు దాన్ని తట్టుకోదు. పైగా ధాన్యానికి కొనుగోలు కేంద్రం ఉంది, మొక్కజొన్న మాత్రం మేం బయటి వ్యాపారికి అమ్ముతున్నాం. అందుకని షీటులో ఇంకో ప్రశ్న అడిగాం: మొక్కజొన్న ధర ఎంతకు పడితే రెండూ సమానమవుతాయి? క్వింటా 1880 దగ్గర సమానం. అంతకంటే తగ్గితే దాళ్వా వరే మేలు. రెండో వైపు నుంచి చూస్తే, మొక్కజొన్న 2200 ఉన్నంత కాలం వరి దాన్ని అందుకోవాలంటే ఎకరానికి 49 బస్తాలు పండాలి. మా చేలో 45 దాటడమే అరుదు.

చివరికి మెరక రెండెకరాల్లో మొక్కజొన్న ఉంచాం, చేలో దాళ్వా ఉంచాం. కౌలు సంగతి నాన్నే వెళ్లి మాట్లాడారు. పదిహేను బస్తాలకు గిట్టదనీ, పదకొండు అయితే చేస్తామనీ చెప్పారు. పదకొండుకు ఎకరానికి 11,475 మిగులుతుంది, గాలివానకు మూడు బస్తాలు పోయినా ఇంకా ఆరు వేల పైన ఉంటుంది. పక్క చేనాయన పన్నెండు దగ్గర పట్టుబట్టారు. నాన్న ఇంకా ఒప్పుకోలేదు.